చలి ప్రయాణానికి జాకెట్: డౌనా, సింథటిక్కా? లేబుల్ చూసి తేల్చుకోలేకపోతున్నాను

శ్రావణి
అందరికీ నమస్తే. వచ్చే నెల రెండు రకాల చలిలో తిరగబోతున్నాను. మొదటి సగం సముద్రానికి దూరంగా, పొడి చలి. తెల్లవారుజామున మైనస్ 12 నుంచి మైనస్ 18 దాకా పడిపోతుందట. నేను ఫొటోలు తీస్తాను కాబట్టి నడక తక్కువ, ఒకేచోట గంటా గంటన్నర నిలబడటం ఎక్కువ. రెండో సగం సముద్రతీరం. అక్కడ సున్నా నుంచి 3 డిగ్రీల మధ్య, వానా మంచూ కలిసి పడుతుంటాయి, గాలి కూడా ఎక్కువే.

బ్యాగులో ఒక్క జాకెట్‌కే చోటుంది. రెండు చూసి పెట్టుకున్నాను. ఎ అనేది డౌన్ జాకెట్, అంటే లోపల బాతు నూగు కూరింది, లేబుల్ మీద 800 అని ఉంది, మడిస్తే అరచేతిలో పట్టేంత సంచిలోకి వెళ్లిపోతుంది. బి సింథటిక్, లావుగా ఉంది, మడిస్తే చిన్న దిండంత అవుతుంది. దుకాణంలో అబ్బాయి మాత్రం "800 అంటే ఇంక పైన లేదు మేడమ్, మైనస్ 20కి నిశ్చింతగా వెళ్లండి" అన్నాడు. నమ్మొచ్చా?

చలిపులి
కళ్లు మూసుకుని ఎ తీసుకోండి. బరువుకి తగ్గ వెచ్చదనంలో డౌన్‌ని కొట్టేది ఇంతవరకూ రాలేదు. 550 మామూలు, 650 ఫరవాలేదు, 800 టాప్. అంకె ఎంత పెరిగితే జాకెట్ అంత వెచ్చన. దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు.

కుట్టుమిషన్
చలిపులి గారు చెప్పిన మొదటి మాట నిజం, చివరిది కాదు. ఇలాంటి జాకెట్లు రిపేర్ చేయడమే నా పని, అందుకే చెబుతున్నాను.

800 అనేది లోపల కూరిన డౌన్ ఎంత నాణ్యమైనదో చెప్పే అంకె, దాన్ని ఫిల్ పవర్ అంటారు. దానికి పైన లేదన్నది కూడా నిజం కాదు, 900 వి కూడా దొరుకుతాయి. ఒక ఔన్సు డౌన్, అంటే దాదాపు 28 గ్రాములు, ఎన్ని ఘనపు అంగుళాల మేర ఉబ్బుతుందో కొలిచి ఇస్తారు. అది ఎంత కూరారో మాత్రం ఆ అంకె చెప్పదు. జాకెట్‌లో 50 గ్రాములు పోసినా 800 అనే రాస్తారు, 300 గ్రాములు పోసినా 800 అనే రాస్తారు. వెచ్చదనం ఉబ్బి నిలబడిన మందాన్ని బట్టి వస్తుంది. మందం తెలియాలంటే నాణ్యత, పరిమాణం రెండూ కావాలి.

శ్రావణి గారూ, ఎ లోపల జేబు దగ్గర కుట్టిన చిన్న లేబుల్ చూడండి, లేదా తయారీదారు పేజీలో వెతకండి. ఫిల్ వెయిట్ అని గ్రాముల్లో ఉంటుంది. అరచేతిలో పట్టే జాకెట్ అన్నారు కాబట్టి 100 లోపే ఉంటుందని నా అంచనా.

బండిరాజు
నాదీ ఇదే ప్రశ్న అన్నా. చలికాలంలో మోటార్ సైకిల్ మీద దూరం వెళ్తుంటా. డౌన్ జాకెట్ వేసుకుని పైన రైడింగ్ జాకెట్ బిగిస్తే కాసేపటికే భుజాలూ మోచేతులూ గడ్డకట్టేస్తున్నాయి. 800 కొనలేదు కాబట్టి ఇలా అవుతోందా?

నడకరి
బండిరాజు తమ్ముడూ, 800 కొన్నా అదే కథ. రైడింగ్ జాకెట్ భుజం దగ్గరా మోచేతి దగ్గరా గట్టి ప్యాడ్‌లతో నొక్కుతుంది. డౌన్ నలిగితే దాంట్లో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనమూ ఉండదు. నీకు లోపల సన్నటి సింథటిక్ మేలు. అదీ నలుగుతుంది కానీ డౌన్ అంత చదునైపోదు. రైడింగ్ జాకెట్ కూడా ఒక సైజు వదులుగా ఉండాలి. శ్రావణి గారిది నిలబడే పని, నీది గాలికి ఎదురెళ్లే పని. రెండూ వేరు.

శ్రావణి
చూశాను. ఎ లో 95 గ్రాములు! అదే దుకాణంలో ఇంకొకటి కూడా ఉంది, దాన్ని సి అందాం. 650, లోపల 170 గ్రాములు. బరువు ఎ కంటే పావు కిలో దాకా ఎక్కువ, సంచి కూడా ఇవ్వరు. బి లేబుల్ మీద 133 అని రాసి ఉంది. అంటే ఎ 95, బి 133, సి 170. ఈ వరసలోనే వెచ్చదనం అనుకోవచ్చా?

కుట్టుమిషన్
ఎ, సి రెండూ డౌన్ కాబట్టి వాటిని పోల్చవచ్చు. గ్రాముల్ని ఫిల్ పవర్‌తో గుణించండి. ఎ కి 95 × 800, అంటే 76,000. సి కి 170 × 650, అంటే 1,10,500. ఈ సంఖ్యలకి విడిగా అర్థం లేదు, ఒకదానితో ఒకటి పోల్చడానికే. సి లో ఉబ్బే సరుకు ఎ కంటే దాదాపు 45 శాతం ఎక్కువన్నమాట. "తక్కువ రకం" అనిపించే 650 జాకెట్టే ఇక్కడ వెచ్చగా ఉంటుంది. అందుకు మోయాల్సిన బరువు కూడా ఎక్కువే.

రెండూ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే సైజు, రెండిటికీ హుడ్ ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది. సి తొడల దాకా వచ్చే కోటైతే ఆ 170 గ్రాములూ ఎక్కువ మేర పరుచుకుంటాయి, ఛాతీ మీద మందం తగ్గుతుంది.

ఇంకొకటి చూడండి. జాకెట్‌ని దీపానికి ఎదురుగా పట్టుకుని కుట్టు గీతల వెంట చూడండి. పైగుడ్డనీ లోపలిగుడ్డనీ కలిపేసి కుట్టిన జాకెట్లలో ఆ గీత దగ్గర డౌన్ అసలు ఉండదు, వెలుతురు సన్నగా గీతలా కనిపిస్తుంది. మైనస్ 15లో గాలి వీస్తే చలి లోపలికి వచ్చేది ఆ గీతల్లోంచే. గళ్లు ఎంత చిన్నవైతే గీతలు అన్ని ఎక్కువ. చేతిలో పట్టే జాకెట్లు దాదాపు అన్నీ ఇలాగే కుడతారు. బాగా చలికి చేసే జాకెట్లలో రెండు గుడ్డల మధ్య సన్నటి అడ్డగోడ పెట్టి గళ్లు చేస్తారు. అప్పుడు గీత దగ్గర కూడా డౌన్ మందంగానే ఉంటుంది.

బి సంగతి నడకరి చెబితే బాగుంటుంది, ఆయన సింథటిక్ మనిషి.

నడకరి
సింథటిక్ మనిషినే, కాదనను :)

బి మీద 133 అంటే జాకెట్‌లో 133 గ్రాములు ఉన్నాయని కాదు. ఒక చదరపు మీటరుకి 133 గ్రాముల చొప్పున పాలిస్టర్ పొర పరిచారని అర్థం. డౌన్‌ని గళ్లలో పోస్తారు కాబట్టి మొత్తం బరువు రాస్తారు. సింథటిక్ దుప్పటిలా తానుగా వస్తుంది కాబట్టి మీటరు లెక్కన రాస్తారు. పెద్దవాళ్ల జాకెట్‌కి సుమారు ఒకటిన్నర చదరపు మీటర్ల పొర పడుతుందనుకుంటే బి లో 200 గ్రాముల దాకా ఉంటుంది. చేతుల్లో పలచటి పొర పెడతారు కాబట్టి కాస్త అటూ ఇటూ. అయినా ఆ 200 ని డౌన్ 170 పక్కన పెట్టి పోల్చకండి. మంచి డౌన్ ఒక గ్రాముకి ఇచ్చే మందం పాలిస్టర్ ఇవ్వదు.

కొనేముందు అసలు చూడాల్సింది వేరే ఉంది. జాకెట్ తడిసేది ఎక్కడ్నుంచి? పైనుంచి పడే వానతోనా, లోపల మీ చెమటతోనా? ఉష్ణోగ్రత ఒక్కటే చూసి కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మైనస్ 15లో వాన పడదు, పడ్డ మంచు దులిపేస్తే రాలిపోతుంది. అక్కడ డౌన్‌కి బయటినుంచి ముప్పు లేదు. కానీ మీరు కెమెరా బ్యాగూ ట్రైపాడూ మోసుకుని గుట్ట ఎక్కితే చెమట ఆవిరై డౌన్‌లోకి వెళ్తుంది. బయటి గుడ్డ దగ్గరకి వచ్చేసరికి చల్లబడి అక్కడే నీరవుతుంది, బాగా చలైతే గడ్డకడుతుంది. ఒక్క రోజులో ఏమీ తెలియదు. ఆరబెట్టే వీలు లేకుండా వరసగా రోజులు గడిస్తే మాత్రం జాకెట్ రోజురోజుకీ పలచబడుతుంది. డేరాల్లో పడుకునేవాళ్లకి ఇది బాగా తెలుసు.

తీరంలో దీనికి తలకిందులు. 2 డిగ్రీల్లో వానమంచు పడితే గుడ్డ మీదే కరిగి లోపలికి దిగుతుంది. నా దృష్టిలో డౌన్‌కి మైనస్ 15 కంటే ఆ 2 డిగ్రీలే కష్టం.

చలిపులి
650 అంటే ఈకలు ఎక్కువ కలిపిన సరుకు అండీ. కుట్ల దగ్గర గుచ్చుకుంటాయి, బయటికి పొడుచుకొస్తాయి. 800 లో దాదాపు అంతా మెత్తటి నూగే ఉంటుంది. మంచి డౌన్ జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి ఉబ్బు తగ్గదు. సింథటిక్ నాలుగు సీజన్లు సంచిలో కుక్కి తీస్తే చప్పబడిపోతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరేం?

వానంటారా, ఇప్పుడు నీరు పట్టని డౌన్ వస్తోంది. మందు పూసి అమ్ముతున్నారు.

కుట్టుమిషన్
ఈకల సంగతి సగం ఒప్పుకుంటాను. లేబుల్ మీద 90/10, 80/20 అని రాసేది అందుకే. మొదటిది నూగు శాతం, రెండోది ఈక. కానీ 650 అన్నంత మాత్రాన నాసిరకం అయిపోదు. మీ 800 జాకెట్లు కూడా నా దగ్గరికి రిపేర్‌కి వస్తూనే ఉంటాయి, పలచటి గుడ్డ జిప్‌లో ఇరుక్కుని చిరిగి.

సింథటిక్ త్వరగా చప్పబడుతుందన్నది మాత్రం పూర్తిగా నిజం. నడకరి ఈ మాట దాటవేశాడు. పాత సింథటిక్ జాకెట్ భుజాల దగ్గరా, బ్యాగు పట్టీ నొక్కే చోటా రెండు వేళ్లతో పట్టి చూస్తే తెలుస్తుంది, మిగతా చోట్ల కంటే సగం మందమే ఉంటుంది.

మందు పూసిన డౌన్ తడవడానికి ఎక్కువ సేపు పడుతుంది, త్వరగా ఆరుతుంది. అంతవరకే. గంటల తరబడి వానలో నిలబడితే అదీ తడుస్తుంది. ఉతికే కొద్దీ ఆ మందు పనితనం కూడా తగ్గుతుంది.

నడకరి
దాటవేయలేదన్నా, అడగలేదు కాబట్టి చెప్పలేదు. "తడిసినా వెచ్చగానే ఉంటుంది" అని సింథటిక్ అమ్మేవాళ్లు అనేది కూడా సగం నిజమే. తడిస్తే అదీ చల్లగానే ఉంటుంది. పాలిస్టర్ పోగు నీళ్లు పీల్చదు కాబట్టి ఆకారం నిలుస్తుంది, పిండి వేసుకుంటే ఒంటి వేడికే నెమ్మదిగా ఆరుతుంది. డౌన్ తడిస్తే నూగంతా అంటుకుపోయి, ఉతికిన దిండులో దూది ఉండకట్టినట్టు ఒక మూలకి చేరుతుంది. గడిలో మిగతా భాగమంతా రెండు పొరల గుడ్డ, అంతే.

మందు పూసిన డౌన్ చెమట ఆవిరిని ఎంతవరకు తట్టుకుంటుందనేదాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కుట్టుమిషన్ అన్నకి నాకంటే కొంచెం ఎక్కువ నమ్మకం ఉంది. ఈ వాదన మా మధ్య పాతదే.

గగన
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ డౌన్ బాతుల ఒంటి మీదదేగా? బతికున్న పక్షుల నుంచి పీకుతారని విని నేను డౌన్ మానేశాను. నిలబడే పనికి కూడా సింథటిక్కే వాడుతున్నా, లావు కోటు మోస్తాను, అంతే. శ్రావణి గారు ఈ వైపు కూడా ఆలోచిస్తే బాగుంటుంది.

కుట్టుమిషన్
న్యాయమైన మాటే. ఎక్కువ డౌన్ మాంసం కోసం పెంచే బాతుల నుంచే వస్తుంది. బతికుండగా పీకడం, బలవంతంగా మేపడం నిషేధించే ప్రమాణాలు ఉన్నాయి. రెస్పాన్సిబుల్ డౌన్ స్టాండర్డ్ అనే ముద్ర లేబుల్ మీద ఉందేమో చూసి కొనొచ్చు. ఆ ముద్ర చాలా చాలదా అనేది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే.

చలిపులి
పాలిస్టర్ కూడా ప్లాస్టిక్కే కదా గగన గారూ. నాలుగేళ్లకి పారేసే జాకెట్ మంచిదా, ఇరవై ఏళ్లు వాడేది మంచిదా?

గగన
పక్షి బాధ వేరు, చెత్త సమస్య వేరు. రెండూ ఒకే తక్కెడలో వేయలేను. శ్రావణి గారి చర్చ దారి తప్పుతుంది, ఇక్కడితో ఆపుతాను.

శ్రావణి
లేదు గగన గారూ, అడిగినందుకు మంచిదే అయింది. సి మీద ఆ ముద్ర ఉంది, ఎ మీద లేదు.

ఇప్పుడు నా సందేహం ఇది. నా దగ్గర వానకి వేసుకునే పలచటి షెల్ జాకెట్ ఒకటి, ఫ్లీస్ ఒకటి ఉన్నాయి. సి పైన షెల్ వేసుకుంటే తీరంలో కూడా సరిపోతుంది కదా? అప్పుడు బి గురించి ఆలోచించనక్కర్లేదు.

కుట్టుమిషన్
ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. రోజూ రాత్రి వేడి ఉన్న గదిలోనే పడుకుంటారా?

శ్రావణి
అవును, రెండు చోట్లా గదులే. డేరాలు లేవు.

కుట్టుమిషన్
అయితే సి తీసుకోండి. నడకరి చెప్పిన చెమట సమస్య ఆరబెట్టే వీలు లేనివాళ్లది. మీరు రాత్రి జాకెట్‌ని కుర్చీకో హ్యాంగర్‌కో వేలాడదీస్తే ఆ రోజు చేరిన తేమ తెల్లారేసరికి పోతుంది. హీటర్ మీద మాత్రం పరచకండి. పలచటి నైలాన్ కరిగి మెరుస్తూ మచ్చ పడుతుంది, అలా వచ్చినవి నా దగ్గర మూలుగుతున్నాయి.

షెల్‌తో ఒక చిక్కుంది. అది సి మీద బిగుతుగా ఉంటే డౌన్ నలుగుతుంది, బండిరాజుకి జరిగిందే మీకూ జరుగుతుంది. రెండూ వేసుకుని జిప్ గొంతు దాకా పెట్టి, చేతులు ముందుకి చాపి మిమ్మల్ని మీరే కౌగిలించుకున్నట్టు పట్టుకోండి. వీపు మీద గుడ్డ బిర్రుగా లాగితే ఆ షెల్ చాలదు.

ఇక తీరంలో నడిచేటప్పుడు డౌన్ వేసుకోకండి. 2 డిగ్రీల్లో బ్యాగు మోస్తూ ఫ్లీస్ పైన షెల్ వేసుకుంటే చాలు. డౌన్‌ని నీళ్లు చొరని సంచిలో పెట్టి బ్యాగులో ఉంచండి. నిలబడ్డాక, ఒళ్లు చల్లబడకముందే తీసి ఫ్లీస్ మీద వేసి, దానిపైన షెల్ వేసుకోండి. మైనస్ 15లో కూడా ఇంతే. గుట్ట ఎక్కేటప్పుడు విప్పేయండి, ఆగగానే తొడుక్కోండి. "చలేస్తోంది, ఇప్పుడు వేసుకుందాం" అనుకునేసరికి ఆలస్యమైనట్టే. డౌన్ తనంత తాను వేడి పుట్టించదు, ఒంట్లో ఉన్న వేడిని పట్టి ఉంచుతుంది.

నడకరి
నేనైతే బి తీసుకుంటా. వానలో సంచి విప్పి, షెల్ తీసి, డౌన్ తొడిగి, మళ్లీ షెల్ వేసుకోవడం గాలి వీచే తీరం మీద చెప్పినంత తేలిక కాదు. ఆ రెండు నిమిషాల్లోనే డౌన్ మీద వాన పడుతుంది. సింథటిక్‌ని నేరుగా షెల్ పైనే వేసుకోవచ్చు, తడిస్తే తడుస్తుంది. కానీ మైనస్ 18లో గంటన్నర కదలకుండా నిలబడాలంటే 133 పొర ఒక్కటే చాలదు, లోపల ఇంకో మందపాటి ఫ్లీస్ కావాలి. అంటే బ్యాగు మళ్లీ నిండుతుంది. అక్కడ సి గెలుస్తుంది, ఒప్పుకుంటా.

చలిపులి
చివరికి అందరూ డౌన్ దగ్గరికే వచ్చారు :) 1922లో ఎవరెస్ట్ యాత్రలో జార్జ్ ఫించ్ బెలూన్ గుడ్డతో కుట్టించిన డౌన్ కోటు వేసుకుంటే తోటివాళ్లు మొదట ఎగతాళి చేశారట. పైకెళ్లాక తెలిసింది ఎవరికి వెచ్చగా ఉందో.

బండిరాజు
గ్లవ్స్‌కి కూడా ఇదే లెక్కా అన్నా? హ్యాండిల్ పట్టుకుంటే అరచేతి వైపు డౌన్ నలుగుతుంది కదా?

నడకరి
నలుగుతుంది. అరచేతి వైపు సింథటిక్ ఉన్నవే చూడు. మిగతాది వేరే చర్చ పెట్టు తమ్ముడూ, అక్కడ వివరంగా మాట్లాడదాం.

శ్రావణి
సి కొనేశాను. ఒక సైజు పెద్దది తీసుకున్నా, లోపల ఫ్లీస్ పడుతుంది. పైన నా షెల్ బిగుతుగానే ఉంది, అన్నయ్యది అరువు తీసుకున్నాను, అది సరిపోయింది. దీపానికి పట్టి చూస్తే నడుం దగ్గర గళ్ల గీతలు కొంచెం కనిపిస్తున్నాయి, ఛాతీ మీద లేవు.

రెండు చిన్న సందేహాలు. సంచి ఇవ్వలేదు కదా, సామానులో ఎలా పెట్టాలి? ఎడమ భుజం కుట్టు దగ్గర అప్పుడే ఒక ఈక మొన బయటికి వచ్చింది. పీకేయనా?

కుట్టుమిషన్
మామూలు గుడ్డ సంచిలో వదులుగా మడిచి పెట్టండి, పైన బరువులు పెట్టకండి. చేరగానే తీసి నాలుగుసార్లు దులిపి గంటసేపు అలా వదిలేయండి, మళ్లీ ఉబ్బుతుంది. తిరిగొచ్చాక కూడా సంచిలో కుక్కి దాచకండి, వేలాడదీయండి.

ఈకని బయటికి పీకకండి. దాని వెనకే ఇంకొంత నూగు వస్తుంది, రంధ్రమూ పెద్దదవుతుంది. లోపలివైపు నుంచి గుడ్డతో సహా ఈకని వేళ్లతో పట్టి వెనక్కి లాగండి, మొన లోపలికి పోతుంది. తర్వాత బయట ఆ చోట గోటితో అటూ ఇటూ రుద్దితే గుడ్డ పోగులు దగ్గరికొచ్చి రంధ్రం మూసుకుంటుంది. వారంలో అదే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే కుట్టు వదులుగా ఉన్నట్టు. అప్పుడు బయల్దేరకముందే మార్పించుకోండి.